జాడీలో గోళీలు, నల్లబల్ల మీద చుక్కలు

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. వంటింట్లో ఈ మాటకు తిరుగులేదు. గడప దాటాక మాత్రం ఇది చేసినంత చెరుపు మరే సామెతా చేసి ఉండదని నా అనుమానం. ఆటో డ్రైవరు చెప్పింది విని రాష్ట్రంలో గాలి ఎటు వీస్తోందో తేల్చేసేవాళ్ళు, ఇద్దరికి నయమైందని ఒక మందును ఊరంతటికీ అంటగట్టేవాళ్ళు, పక్కింటి కుర్రాడి ర్యాంకు చూసి తమ పిల్లవాడికి కాలేజీ ఖాయం చేసే తల్లిదండ్రులు, వీళ్ళంతా మెతుకు పట్టి చూస్తున్నవాళ్ళే.

మెతుకు ఎందుకు సరిపోతుందో ఒకసారి ఆలోచించండి. ఒకే గిన్నె, ఒకే ఎసరు, ఒకే మంట, ఒకే బస్తాలో బియ్యం. ఒక మెతుక్కీ ఇంకో మెతుక్కీ తేడా లేదు కాబట్టి ఒకటి చూసినా వంద చూసినా సమాచారం ఒకటే. అంటే ఆ సామెత బలం మెతుకులో లేదు, మెతుకులన్నీ ఒకేలా ఉండటంలో ఉంది. తేడాలున్న చోట ఎన్ని చూడాలి, ఎన్ని చూస్తే ఎంత నమ్మవచ్చు అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబును నేను ఇప్పటివరకు చూసినవాటిలో అన్నిటికంటే శుభ్రంగా చూపించింది మా వదిన. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆమె లెక్కల టీచరు. తొమ్మిదో తరగతిలో ఆమె చేసే గోళీల పాఠాన్ని వెనక బెంచీలో కూర్చుని చూసే అవకాశం నాకు దొరికింది.

ముందు సరంజామా సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పాఠం చెడిపోయేది చాలావరకు అక్కడే. కిరాణా కొట్లో బిళ్ళలు పోసే గాజు సీసా పనికిరాదు. పిల్లలు వంగి చూసి రంగులు లెక్కపెట్టేస్తారు. అందుకని వదిన ఇంట్లోని పాత ఆవకాయ జాడీ తెచ్చింది. అందులో 500 గోళీలు పోస్తే సగానికి పైగా ఖాళీ మిగిలింది. ఆ ఖాళీ కావాలనే ఉంచింది. జాడీ నిండా పోస్తే ఎంత ఊపినా గోళీలు కదలవు, పైవి పైనే, కిందవి కిందే ఉంటాయి. గోళీలన్నీ ఒకే సైజు. 150 ఎర్రవి, 350 ఆకుపచ్చవి, అంటే ఎర్రవి నూటికి 30. ఈ అంకె ఆమెకు తెలుసు, వెనక బెంచీలో నాకు తెలుసు, పిల్లలకు తెలియదు.

నలభై మంది పిల్లలను ఐదుగురేసి ఎనిమిది గుంపులు చేసింది. నల్లబల్ల మీద సున్నా నుంచి వంద దాకా ఒకదాని కింద ఒకటిగా మూడు గీతలు గీసింది. నియమాలు మూడే. చూడకుండా తీయాలి. లెక్క రాసుకున్నాక గోళీలు తిరిగి జాడీలో వేయాలి. తర్వాతి గుంపు చెయ్యి పెట్టే ముందు జాడీని బాగా కుదపాలి. తీసినవాటిలో ఎర్రవి నూటికి ఎన్నో కట్టి, ఆ అంకె దగ్గర ఒక చుక్క పెట్టాలి. అదే ఆ గుంపు అంచనా.

మొదటి విడతలో గుంపుకు 5 గోళీలు. రెండు గుంపులకు ఒక్క ఎర్రదీ రాలేదు. రెండు గుంపులకు ఒక్కొక్కటి, మూడు గుంపులకు రెండేసి, ఒక గుంపుకు మూడు వచ్చాయి. పై గీత మీద చుక్కలు సున్నా నుంచి అరవై దాకా చెదిరిపోయాయి.

"టీచర్, అసలు ఎర్రవి లేనే లేవు!" అని సున్నా వచ్చిన గుంపులో కుర్రాడు లేచాడు.

"జాడీలో లేవా, నీ చేతిలో లేవా?" అంది వదిన.

కుర్రాడు ఒక్క క్షణం ఆగి, "చేతిలో" అన్నాడు.

"అంతే. ఐదు చూశావు, ఐదులో లేవు అని రాసుకో."

జాడీలో నూటికి 30 ఎర్రవి ఉన్నా, ఐదు తీస్తే ఒక్కటీ రాకపోవడం ఎంత అరుదు? అరుదేమీ కాదు. ఒక్కో గోళీ ఎర్రది కాకపోయే అవకాశం 0.7. దాన్ని ఐదుసార్లు హెచ్చిస్తే దాదాపు 0.17 వస్తుంది. అంటే ఇంచుమించు ఆరింట ఒకసారి. ఎనిమిది గుంపుల్లో ఒకటో రెండో ఇలా బోల్తాపడటం మామూలే. అంతకంటే తమాషా ఇంకొకటి ఉంది. ఐదు గోళీలతో వచ్చే జవాబులు సున్నా, ఇరవై, నలభై, అరవై, ఎనభై, వంద మాత్రమే. ముప్ఫై అన్న సరైన జవాబు ఆ జాబితాలోనే లేదు! ఎంత అదృష్టవంతుడైన గుంపుకైనా నిజం చేతికందదు. ఈ విషయాన్ని వదిన చెప్పలేదు, చెబితే జవాబు బయటపడుతుంది. నేనే నోట్సులో రాసుకుని మురిసిపోయాను.

రెండో విడతలో గుంపుకు 20. ఈసారి ఎర్రవి వరసగా 3, 4, 5, 6, 6, 7, 8, 10 వచ్చాయి. శాతాల్లో చెబితే 15 నుంచి 50 దాకా. రెండో గీత మీద చుక్కలు కాస్త దగ్గరికి జరిగాయి. మూడో విడతకు పిరియడు చాలలేదు. మర్నాడు ఆటల పిరియడు కూడా అడిగి తీసుకోవలసి వచ్చింది. గుంపుకు 80 అంటే గుప్పిళ్ళతో గిన్నెలోకి తీయాలి, ఎనభై లెక్కపెట్టాలి, ఎక్కువైనవాటిని రంగు చూడకుండా వెనక్కి వేయాలి. ఇక్కడ పిల్లలు చిన్న మోసం చేస్తారని వదిన ముందే కనిపెట్టి ఉంది. ఎక్కువైన గోళీలు వెనక్కి వేసేటప్పుడు తమ పాత అంచనాకు అనుకూలంగా ఉండే రంగును ఉంచుకుని రెండోదాన్ని వదిలేస్తారు. కావాలని కూడా కాదు, చెయ్యి అలా పోతుంది. అందుకే వెనక్కి వేసేవాడికి కళ్ళకు రుమాలు కట్టించింది. మూడో విడతలో ఎర్రవి 19, 21, 22, 24, 24, 26, 27, 30. శాతాల్లో 24 నుంచి 38 లోపు. మూడో గీత మీద చుక్కలు ఒకచోట గుమిగూడాయి.

మా చదువుల్లో ఈ పాఠం ఒక్క వాక్యంగా వచ్చేది: నమూనా పెరిగేకొద్దీ అంచనా మెరుగవుతుంది. పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది. కానీ ఆ వాక్యం ఉన్నదున్నట్టుగా తప్పు. దాని తప్పును ఆ క్లాసులో ఒక అమ్మాయి పట్టుకుంది.

"టీచర్, అందరి చుక్కలూ ముప్ఫై దగ్గరే చేరుతున్నాయి. మేము 20 తీసినప్పుడు మా చుక్క సరిగ్గా అక్కడే ఉంది. 80 తీస్తే పక్కకు పోయింది. తక్కువ తీసినప్పుడే మాకు బాగా వచ్చింది కదా?"

నిజమే. ఆ గుంపుకు 20 తీసినప్పుడు 6 ఎర్రవి, అంటే కచ్చితంగా 30. 80 తీసినప్పుడు 30 ఎర్రవి, అంటే ముప్ఫై ఏడున్నర. నమూనా నాలుగింతలై అంచనా చెడింది. ఇక్కడ చాలామంది టీచర్లు "అది యాదృచ్ఛికం, కూర్చో" అంటారు. వదిన ఆ అమ్మాయిని బల్ల దగ్గరికి పిలిచి రెండో గీత చూపించింది.

"20 తీసినవాళ్ళలో మీరు ముప్ఫై దగ్గర ఉన్నారు. ఇదిగో, వీళ్ళు కూడా ఇరవయ్యే తీశారు, యాభై దగ్గర ఉన్నారు. తీసేటప్పుడు మీకూ వాళ్ళకూ పద్ధతిలో తేడా ఏమైనా ఉందా?"

"లేదు టీచర్."

"మిగతా ఏడు గుంపులూ ఇవాళ బడికి రాలేదనుకో. నీ చుక్క ఒక్కటే ఉంది బల్ల మీద. నువ్వు ముప్ఫై దగ్గర పడ్డావో యాభై దగ్గర పడ్డావో నీకు ఎలా తెలుస్తుంది?"

అమ్మాయి చాలాసేపు ఆలోచించి "తెలియదు" అంది.

నా దృష్టిలో పాఠమంతా ఆ "తెలియదు"లో ఉంది. నమూనా సైజు ఒక్క అంచనా మంచిదో చెడ్డదో చెప్పదు. అదే పనిని పదిమంది విడివిడిగా చేస్తే వాళ్ళ జవాబులు ఎంత దూరం చెదురుతాయో చెబుతుంది. ఆ చెదురు చూడాలంటే ఎనిమిది చుక్కలు కావాలి, ఒక్కటి చాలదు. అందుకే ఒక్కరే టీచరు బల్ల ముందు నిలబడి ఒకసారి 5, ఒకసారి 80 తీసి చూపించే ప్రదర్శన దండగ అంటాను నేను. ఆవిడకు 5 తీసినప్పుడే మంచి అంచనా వస్తే ఏం చెబుతుంది? రాకపోతే మాత్రం ఏం రుజువవుతుంది? ఆ ప్రదర్శన తనే ఒక చిన్న నమూనా.

చెదురు ఎంతో ముందుగానే లెక్క కట్టవచ్చు. ఎర్రవాటి వంతు p, తీసిన గోళీలు n అయితే మామూలుగా ఉండే తేడా √(p(1−p)/n). మన జాడీకి p = 0.3. ఐదు తీస్తే తేడా సుమారు 20 శాతం, ఇరవై తీస్తే 10, ఎనభై తీస్తే 5. మూడింట రెండు వంతుల గుంపులు ఈ తేడాకు లోపల పడతాయి, దీనికి రెట్టింపు దూరంలోపు దాదాపు అందరూ పడతారు. నల్లబల్ల మీద చుక్కలు ఈ లెక్కకు కట్టుబడే ఉన్నాయి. పిల్లలకు వదిన సూత్రం చెప్పలేదు, 20, 10, 5 అన్న మూడు అంకెలు మాత్రం రాసింది. గోళీలు నాలుగింతలు చేస్తే తేడా సగమైంది, మళ్ళీ నాలుగింతలు చేస్తే మళ్ళీ సగం. "దీన్ని రెండున్నరకు దింపాలంటే ఎన్ని తీయాలి?" అని అడిగితే ఒకడు ఠక్కున 320 అన్నాడు. "జాడీలో ఉన్నవే 500 రా, అంత కష్టపడేకంటే బోర్లించి అన్నీ లెక్కపెట్టుకోవడం మేలు" అని ఆమె అనేసరికి క్లాసంతా నవ్వింది. పనిలో పనిగా జాడీలో ఎన్ని ఉన్నాయో కూడా చెప్పేసిందని పాపం ఆమె గమనించలేదు.

ఆ నవ్వులోనే తర్వాతి ప్రశ్న ఉంది. జాడీకి బదులు ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు నిండా గోళీలున్నాయనుకోండి, అందులోనూ నూటికి 30 ఎర్రవే. తేడా 5 శాతానికి రావాలంటే ఎన్ని తీయాలి? పిల్లలు వేలు, లక్షలు అన్నారు. పెద్దవాళ్ళూ అదే అంటారు. 140 కోట్ల దేశంలో రెండు వేలమందిని అడిగి ఏం తేలుస్తారని సర్వేల మీద విరుచుకుపడే ప్రతివాడూ ఆ క్లాసులో పిల్లాడే. జవాబు మళ్ళీ ఎనభైయే. పైన రాసిన సూత్రాన్ని చూడండి, అందులో జాడీ సైజు లేదు. బాగా కలిసిన ట్యాంకులోంచి తీసే ప్రతి గోళీ ఎర్రదయ్యే అవకాశం 0.3, జాడీలోంచి తీసినా 0.3. చేతికొచ్చిన గోళీకి తను ఎంత పెద్ద పాత్రలోంచి వచ్చిందో తెలియదు. పాత్ర సైజు లెక్కలోకి వచ్చేది మనం దానిలో పెద్ద భాగాన్ని తీసేసినప్పుడు మాత్రమే. అప్పుడు కూడా అది మనకు మేలే చేస్తుంది. 500లోంచి 80 తీస్తే తేడా 5 కంటే కాస్త తగ్గుతుంది.

కాబట్టి రెండు వేలమంది తక్కువని సర్వేను కొట్టిపారేయడం అన్యాయం. సరిగ్గా ఎంచుకున్న రెండు వేలమందితో వచ్చే తేడా, నూటికి తొంభై అయిదు సార్లు, అటూఇటూ రెండు శాతం పైచిలుకు దాటదు. అసలు మోసం వేరేచోట జరుగుతుంది. అదే రెండు వేలమందిని తెలంగాణలోని 33 జిల్లాలకు పంచితే జిల్లాకు అరవై మంది వస్తారు. అరవై మందితో వచ్చే తేడా, అదే తొంభై అయిదు సార్ల లెక్కన, అటూఇటూ పదమూడు శాతం దాకా ఉంటుంది. రాష్ట్రం మొత్తానికి నమ్మదగిన సర్వేనే జిల్లాలవారీగా రంగుల పటం వేసి టీవీలో గంటసేపు చర్చిస్తారు. ఫలానా జిల్లాలో ఎందుకు అలా వచ్చిందో నలుగురు నిపుణులు నాలుగు కారణాలు చెబుతారు. అక్కడ కారణం ఏమీ ఉండకపోవచ్చు. ఆ అరవై మందిలో చేతికి అలా తగిలి ఉండవచ్చు, అంతే.

వదిన పాఠంలో నాకు అన్నిటికంటే నచ్చింది మూడోరోజు పాఠం. పిల్లలకు చెప్పకుండా జాడీని మార్చింది. ఎర్రవి 150, ఆకుపచ్చవి 350 అలాగే ఉంచి, ఎర్రవాటి స్థానంలో పెద్ద సైజు గోళీలు వేసింది. జాడీని కుదిపితే ఏమవుతుంది? పెద్ద గోళీ కాస్త లేచినప్పుడల్లా దాని కింద ఏర్పడే సందులోకి చిన్నవి జారిపోతాయి. పెద్దది మళ్ళీ కిందికి దిగలేదు. కుదిపినకొద్దీ పెద్దవి పైకి తేలుతాయి. దానికి తోడు గుప్పిట పెట్టినప్పుడు వేళ్ళకు ముందు చిక్కేవి కూడా అవే. గుంపుకు 80 తీయించింది. చుక్కలన్నీ యాభైకి, అరవైకి మధ్య పడ్డాయి, అదీ చక్కగా ఒకదాని పక్కన ఒకటి. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎనిమిది గుంపులూ ఏకాభిప్రాయానికి వచ్చాయి మరి!

అప్పుడు గోళీలను చాటలో పోసి చూపించింది. ఎర్రవి నూటికి ముప్ఫైయే.

మొదటి రెండు రోజుల్లో పిల్లలు నేర్చుకున్నది, చుక్కలు దగ్గరగా ఉంటే నమ్మకం ఎక్కువ అని. మూడోరోజు ఆ నమ్మకానికి ఒక షరతు చేరింది. చుక్కలు దగ్గరగా ఉండటం అంటే మళ్ళీ చేస్తే మళ్ళీ అదే వస్తుందని మాత్రమే అర్థం. అది నిజమో కాదో గోళీలు ఎలా చేతికొచ్చాయన్న దాన్నిబట్టి ఉంటుంది. ఎనభై కాదు, నూట ఇరవై తీసినా ఆ జాడీ పైనుంచి తీస్తే తప్పు పెద్దగా తగ్గదు, మనకు దాని మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది. పెద్ద నమూనాతో వచ్చే అసలు ప్రమాదం ఇదే.

చరిత్రలో దీనికి పెట్టింది పేరు 1936 నాటి అమెరికా అధ్యక్ష ఎన్నిక. లిటరరీ డైజెస్ట్ అనే పత్రిక దాదాపు కోటి మందికి నమూనా ఓటు కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా తిరిగొచ్చాయి. అది చాలా పెద్ద నమూనా. దాన్నిబట్టి రూజ్‌వెల్ట్ ఓడిపోతాడని, లాండన్ గెలుస్తాడని పత్రిక ప్రకటించింది. రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకున్నాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది టెలిఫోన్ పుస్తకాల నుంచి, కార్ల రిజిస్ట్రేషన్ జాబితాల నుంచి. ఆర్థికమాంద్యం రోజుల్లో ఫోను, కారు ఉన్నవాళ్ళు జాడీలో పైకి తేలిన గోళీలు. కార్డు నింపి తిరిగి పంపే ఓపిక ఉన్నవాళ్ళు ఇంకొక పొర. అదే ఎన్నికలో అంతకంటే ఎన్నో రెట్లు చిన్న నమూనాతో జార్జ్ గాలప్ రూజ్‌వెల్ట్ గెలుస్తాడని సరిగ్గా చెప్పాడు.

ఒక్క విషయంలో వదినతో నాకు పేచీ ఉంది. మూడోరోజు జాడీని బోర్లించి చూపించింది సరే, మొదటి జాడీని మాత్రం చివరిదాకా బోర్లించలేదు. ఎర్రవి ఎన్నో చెప్పనూ లేదు. పిల్లలు బతిమాలారు. "బయటికెళ్ళాక ఏ జాడీనీ ఎవరూ తెరిచి చూపించరు. తెలియకుండా ఉండటం కూడా అలవాటు కావాలి" అన్నది ఆమె వాదం. వినడానికి గంభీరంగానే ఉంది కానీ నేను ఒప్పుకోను. పద్ధతి పనిచేస్తుందని నమ్మాలంటే ఒక్కసారైనా నిజంతో పోల్చి చూసుకోవాలి కదా. ఎన్నికల్లో జాడీ తెరుస్తారు, ఓట్ల లెక్కింపు రోజున. అందుకే సర్వేలవాళ్ళ లోపాలు బయటపడతాయి, సిగ్గుపడైనా పద్ధతులు దిద్దుకుంటారు. వరి దిగుబడి అంచనా ఉంది, దానికి జాడీ ఎప్పటికీ తెరుచుకోదు. మండలంలో కొన్ని చోట్ల కొలిచిన మడి కోసి, నూర్చి, తూకం వేసి మొత్తానికి లెక్కగడతారు. ప్రతి ఎకరాన్నీ ఎవరూ తూచి చూడరు. తెరవని జాడీల మీద పని చేయబోయే పిల్లలకు తెరిచిన జాడీతో సాధన కావాలి. ఈ మాట అంటే వదిన నవ్వి ఊరుకుంది. గెలిచానని అనుకోవడం లేదు.

ఇక బడిలోనే, ఆ నల్లబల్లకు పది అడుగుల దూరంలో, ఇదే పాఠం తలకిందులుగా నడుస్తుంటుంది. ఏటా పదో తరగతి ఫలితాలు రాగానే నూటికి నూరు శాతం ఉత్తీర్ణత సాధించిన బడుల జాబితా వస్తుంది. పొగడ్తలు, శాలువాలు. మరో జాబితాలో అట్టడుగున ఉన్నవి, వాటికి సంజాయిషీ నోటీసులు. రెండు జాబితాల్లోనూ ఒక కాలమ్ కనిపించదు, ఎంతమంది రాశారన్నది. ఆ కాలమ్ వేసి చూడండి, రెండు కొసల్లోనూ చిన్న బడులే ఎక్కువగా కనిపించాలి.

ఎందుకో జాడీ చెబుతుంది. ఒక జిల్లాలో ఏ బడిలోనైనా, ఏ పిల్లవాడికైనా పాసయ్యే అవకాశం సరిగ్గా 90 శాతం అనుకుందాం. బడుల మధ్య తేడా అనేదే లేదు, టీచర్లంతా ఒకే స్థాయి. అలాంటి జిల్లాలో ఎనిమిది మంది రాసిన బడికి నూరు శాతం వచ్చే అవకాశం ఎంత? 0.9ని ఎనిమిదిసార్లు హెచ్చిస్తే 0.43. అంటే అలాంటి బడులు వంద ఉంటే నలభైకి పైగా శాలువాలు కప్పించుకుంటాయి. వందమంది రాసిన బడికి నూరు శాతం వచ్చే అవకాశం దాదాపు నలభై వేలలో ఒకటి. పెద్ద బడి ఎంత బాగా చదువు చెప్పినా ఆ జాబితాలోకి ఎక్కడం కష్టం, చిన్న బడి ఏమీ చేయకుండానే ఎక్కుతుంది. మర్నాటి ఏడు అదే చిన్న బడిలో ఇద్దరో అంతకంటే ఎక్కువమందో తప్పి ఫలితం 75 శాతానికో ఇంకా కిందికో పడే అవకాశం ఐదింట ఒకటికి దగ్గరగా ఉంది. అదే టీచరు, అదే పాఠం, అలాంటి పిల్లలే. నిరుడు శాలువా కప్పిన చేత్తోనే ఈ ఏడు నోటీసు ఇస్తారు. మధ్యలో ఏం మారిందని సమీక్షా సమావేశంలో గుచ్చి గుచ్చి అడుగుతారు. ఆ టీచరు పాపం ఏదో ఒక కారణం వెతికి చెప్పుకోవాలి, "నా దగ్గర ఉన్నవి ఎనిమిది గోళీలు" అంటే వినేవాళ్ళు ఎవరు?

నిజమైన బడుల్లో తేడాలు లేవని కాదు. కొన్నిచోట్ల చదువు బాగా చెబుతారు, కొన్నిచోట్ల చెప్పరు, అది అందరికీ తెలుసు. ఆ తేడాను ఎనిమిది మందితో పసిగట్టలేమన్నదే సంగతి. ఎనిమిది మందితో ఉత్తీర్ణత శాతంలో మామూలు తేడా పది శాతం పైన ఉంటుంది. బాగా చెప్పే బడికీ చెప్పని బడికీ ఉండే నిజమైన అంతరం అంతకంటే చిన్నదైతే అది ఈ గోలలో వినపడదు. దీనికి మందు కష్టమైనదేమీ కాదు. అలాంటి బడి ఫలితాలను ఐదేళ్ళవి కలిపి చూడండి. ఎనిమిది కాస్తా నలభై అవుతుంది, తేడా ఐదు శాతం దగ్గరికి దిగుతుంది. అయిదేళ్ళూ కలిపినా ఒక బడి 70 దగ్గరే ఉంటే, అప్పుడు వెళ్ళి తలుపు తట్టండి, అక్కడ నిజంగా ఏదో ఉంది. బడుల జాబితా వేసే గుమాస్తాకు ఇది ఒక అదనపు కాలమ్, ఒక సగటు, మధ్యాహ్నంలోపు అయ్యే పని.